ఇన్‌పెయింటింగ్‌లో మాస్క్ ఎంత బిగుతుగా, ఎంత వదులుగా గీయాలి: ఒక ఫోటోతో మొదటి నుంచి చివరి దాకా

"మాస్క్‌ని వస్తువు అంచు వెంబడే గీయాలా, చుట్టూ కాస్త ఎక్కువ కలుపుకోవాలా?" ఫోటోలో ఒక భాగాన్ని మాస్క్‌తో గుర్తించి, ఆ చోటును ఏఐ మోడల్‌తో మళ్లీ గీయించే ఇన్‌పెయింటింగ్ మొదలుపెట్టిన వాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది. ఒకరు బిగుతుగా గీస్తే కొత్త వస్తువు చుట్టూ పాత రంగు గీతలా మిగిలిపోయింది. ఇంకొకరు వదులుగా గీస్తే వస్తువు బాగానే వచ్చింది, కానీ పక్కనున్న ముగ్గు చెదిరిపోయింది.

దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. ఒకే మాస్క్‌లో ఎడమ వైపు బిగుతుగా, కుడి వైపు వదులుగా ఉండాల్సి రావచ్చు. ఏ వైపు ఎంత అన్నది మూడు విషయాలు తేలుస్తాయి: పాత వస్తువు ఎక్కడి దాకా తన గుర్తు వదిలింది, కొత్త వస్తువుకు ఎంత చోటు కావాలి, పక్కన ముట్టుకోకూడనిది ఏముంది.

ఇక్కడ ఒకే ఫోటో పట్టుకుని పని మొత్తం చేద్దాం. ఇంటి అరుగు మీద నీలం ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ ఉంది. దాని స్థానంలో ఇత్తడి చెంబు రావాలి. మెనూ పేర్లు స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్ యూఐ (ఆటోమేటిక్1111) నుంచి ఇస్తున్నాను. కంఫీయూఐ వాడేవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

## 1. మాస్క్ గీస్తే లోపల జరిగేది

మోడల్ మీ ఫోటోను పిక్సెల్ పిక్సెల్‌గా చూడదు. ముందు దాన్ని పొడవులోనూ వెడల్పులోనూ ఎనిమిదో వంతుకు కుదించుకుని, ఆ చిన్న రూపం మీద పని చేస్తుంది. అంటే 8×8 పిక్సెళ్ల గడి ఒక్కొక్కటీ దానికి ఒక చుక్క. మీరు బాటిల్ అంచు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా గీసినా, ఆ అంచు ఒక గడి మధ్యలోంచి పోతే ఆ గడిలో సగం బాటిల్, సగం గోడ కలిసే ఉంటాయి. బిగుతు మాస్క్ చుట్టూ పాత రంగు మిగలడానికి మొదటి కారణం ఇదే.

రెండోది `Mask blur`. ఇది మాస్క్ అంచును మెత్తగా చేస్తుంది. దీని ప్రభావం ఇచ్చిన అంకెకు సుమారు రెండున్నర రెట్ల దూరం పాకుతుంది, అదీ లోపలికీ బయటికీ కూడా. మామూలుగా ఉండే 4 విలువకు ఇటు 10, అటు 10 పిక్సెళ్లు. ఆ పట్టీలో కొత్త బొమ్మ, పాత ఫోటో కలిసి కనిపిస్తాయి. ఆ పట్టీ గోడ మీద పడితే ఎవరికీ తెలియదు. నీలం బాటిల్ అంచు మీద పడితే చెంబు చుట్టూ నీలం కనిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మాస్క్ బయట ఉన్నదంతా మోడల్‌కి సాక్ష్యమే. బయట ఒక నీడ మిగిలి ఉంటే "ఇక్కడ ఈ నీడకు తగ్గ వస్తువు ఉండాలి" అన్నట్టు ప్రవర్తిస్తుంది. మాస్క్ ఆకారం కూడా దానికి సూచనే. పొడుగ్గా సన్నగా ఉన్న ఖాళీ ఇస్తే, ఆ ఖాళీ నిండేలా పొడుగ్గా సన్నగా ఉన్న వస్తువునే గీస్తుంది.

## 2. బ్రష్ పట్టుకునే ముందు ఫోటోను చదవండి

ఫోటోను 200 లేదా 300 శాతం జూమ్ చేసి వస్తువు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. వస్తువును కాదు, దాని గుర్తులను వెతకండి.

మన ఫోటో 1536×1024. బాటిల్ 110 పిక్సెళ్ల వెడల్పు, 380 ఎత్తు. వెనక సున్నం కొట్టిన గోడ, కింద ఎర్ర గచ్చు. వెలుతురు ఎడమ నుంచి వస్తోంది కాబట్టి గచ్చు మీద నీడ కుడి వైపు 220 పిక్సెళ్లు సాగింది. బాటిల్ పారదర్శకంగా ఉండడంతో ఆ నీడ మధ్యలో నీలం మెరుపు కూడా ఉంది. గచ్చు నున్నటిది, అందుకే బాటిల్ అడుగు నుంచి కిందికి 60 పిక్సెళ్ల దాకా దాని ప్రతిబింబం పడింది. ఎడమ వైపు 50 పిక్సెళ్ల దూరంలో ముగ్గు మొదలవుతుంది.

ఇక్కడ వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల గురించి ఒక మాట. జేపెగ్‌లో వెలుగునీడల కంటే రంగును తక్కువ వివరంతో దాస్తారు. గట్టిగా కుదించిన ఫోటోలో నీలం బాటిల్ రంగు పక్క గోడ మీదికి కొన్ని పిక్సెళ్లు కారినట్టు ఉంటుంది. మామూలు జూమ్‌లో కనిపించదు. గోడ తెల్లగా ఉంటే మాత్రం పని అయ్యాక బయటపడుతుంది. వీలైతే అసలు ఫైల్ అడిగి తెప్పించుకోండి. దొరక్కపోతే అన్ని వైపులా మరో 6 నుంచి 8 పిక్సెళ్లు కలుపుకోండి.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- [ ] వస్తువు వెడల్పు, ఎత్తు
- [ ] నీడ ఏ వైపు, ఎంత పొడవు, దాని మెత్తటి అంచు ఎక్కడ ఆగుతోంది
- [ ] నేల మీదో గాజు మీదో ప్రతిబింబం ఉందా
- [ ] వస్తువు రంగు పక్క వాటి మీద పడిందా
- [ ] ముట్టుకోకూడనిది ఏది, ఎంత దూరంలో ఉంది
- [ ] వస్తువు వెనకాల నుంచి పోతున్న గీతలు (గోడ, గచ్చు కలిసే గీత, టైల్స్ సందులు)

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. గోడ, గచ్చు కలిసే గీత బాటిల్‌కి అటూ ఇటూ స్పష్టంగా కనిపిస్తుంటే, మధ్యలో ముక్కను మోడల్ సులువుగా కలుపుతుంది. మాస్క్ వదులు చేసే కొద్దీ ఆ గీతలో పోయే భాగం పెరుగుతుంది, వంకర పోయే అవకాశమూ పెరుగుతుంది.

## 3. బిగుతు మాస్క్: ఏం కాపాడుతుంది, ఏం చెడగొడుతుంది

బిగుతు మాస్క్ అంటే వస్తువు అంచు నుంచి బయటికి 0 నుంచి 8 పిక్సెళ్ల లోపు అనుకుందాం. సెగ్మెంట్ ఎనీథింగ్ లాంటి టూల్‌తో ఒక క్లిక్‌లో వచ్చే మాస్క్ దాదాపు ఇలాగే ఉంటుంది.

దీంతో చుట్టుపక్కల ఏదీ చెదరదు. ముగ్గు, గోడ మీద మరక, గచ్చు మీద పగులు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త వస్తువు పాతదాని ఆకారంలోనే ఉండాలనుకున్నప్పుడు ఇదే సరైనది. చీర రంగు మార్చడం, ప్లాస్టిక్ బాటిల్‌ని అదే ఆకారంలో రాగి బాటిల్‌గా మార్చడం ఇలాంటి పనులు. నీడ ఆకారం మారనక్కర్లేదు కాబట్టి పాత నీడ అలాగే సరిపోతుంది.

మన పనిలో మాత్రం ఇది మూడు రకాలుగా దెబ్బ తీస్తుంది. మొదట, చెంబు రాదు. సన్నగా పొడుగ్గా ఉన్న ఖాళీలో ఇత్తడి కూజా లాంటిదో, మూత ఉన్న ఇత్తడి బాటిలో వస్తుంది. ప్రాంప్ట్‌లో చెంబు అని ఎంత గట్టిగా రాసినా ఖాళీ ఆకారమే గెలుస్తుంది. తర్వాత, దాని చుట్టూ సన్నటి నీలం గీత మిగులుతుంది. ఇక నీడ. చెంబు పక్కన పొడుగాటి బాటిల్ నీడ, దాని మధ్యలో నీలం మెరుపు. ఇత్తడిలోంచి నీలం కాంతి రాదు. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు గానీ, ఏదో తేడాగా ఉందని వెంటనే పసిగడతారు.

## 4. వదులు మాస్క్: ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

వస్తువు చుట్టూ 40, 60 లేదా 100 పిక్సెళ్లు కలుపుకుంటే మోడల్‌కి చెయ్యి ఆడుతుంది. చెంబు బొజ్జ గుండ్రంగా వస్తుంది, దానికి తగిన నీడ పడుతుంది, నేల మీద ఇత్తడి ఛాయ కూడా వస్తుంది. అంచు కలిసే చోటు వస్తువు మీద కాకుండా ఖాళీ గోడ మీదో గచ్చు మీదో ఉంటుంది కాబట్టి అతుకు కనిపించదు.

కానీ మాస్క్ లోపల పడ్డ ప్రతి పిక్సెల్ కొత్తగా గీసిందే. ఎర్ర గచ్చు మళ్లీ ఎర్ర గచ్చుగానే వస్తుంది గానీ, మీ ఇంటి గచ్చు కాదు. దాని మీది సన్న పగులు ఉండదు. ముగ్గు మాస్క్‌లో పడితే ఇంకా కష్టం. ముగ్గులో గీత ఎక్కడ మొదలై ఏ చుక్క చుట్టూ తిరిగి ఎక్కడ కలవాలో మోడల్‌కి లెక్క తెలియదు. ముగ్గులా కనిపించేది గీస్తుంది. చుక్కలు వేసిన వాళ్ల కంటికి అది తప్పని ఒక్క చూపులో తెలిసిపోతుంది. చేత్తో గీసిన గీతలు, అక్షరాలు, ముఖాలు, జరీ అంచు డిజైన్లు ఉన్న వైపు వదులు మాస్క్ పోకూడదు.

ఇంకో సంగతి. చోటు ఎక్కువిస్తే చెంబు కూడా పెద్దదవుతుంది, లేదా చెంబు పక్కన అడగని గ్లాసో పువ్వో వచ్చి కూర్చుంటుంది. ఖాళీ పెద్దదైతే దాన్ని నింపాలనే మోడల్ చూస్తుంది.

## 5. ఏ వైపు ఎంత: లెక్క

నేను వాడే పద్ధతి ఇది. ముందు ఏ వైపైనా తప్పనిసరిగా ఉండాల్సిన కనీస దూరం తేల్చుకోవాలి. `Mask blur` విలువకు రెండున్నర రెట్లు తీసుకుని, దానికి మరో 4 నుంచి 8 పిక్సెళ్లు కలపండి. బ్లర్ 4 అయితే 14 నుంచి 18 అవుతుంది. ఇంతకంటే తగ్గితే పాత రంగు మిగిలే ప్రమాదం ఉంది.

తర్వాత పాత వస్తువు గుర్తు ఉన్న వైపు ఆ గుర్తు చివరి దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆ కనీస దూరం కలపండి. మెత్తటి నీడ అయితే 40 దాకా కలపడం మంచిది, ఎందుకంటే నీడ అంచు ఎక్కడ ఆగిందో కంటికి తక్కువగానే కనిపిస్తుంది.

ఆఖరున కాపాడాల్సిన వైపు చూడండి. కనీస దూరమూ, దాని మీద బ్లర్ పాకే దూరమూ కలిపినా ముగ్గుకు తగలకూడదు. మనకు ఎడమ వైపు 16 పిక్సెళ్ల మాస్క్, దానిపై బ్లర్ 10, మొత్తం 26. ముగ్గు 50 దగ్గర ఉంది. ఇబ్బంది లేదు. ఒకవేళ ముగ్గు 20 దగ్గరే ఉంటే బ్లర్‌ని 2కి తగ్గించి, మాస్క్‌ని 10 దగ్గర ఆపాలి.

ఆటోమేటిక్‌గా వచ్చిన బిగుతు మాస్క్‌ని పెంచడానికి చిన్న కోడ్ చాలు. ముగ్గును విడిగా ఒక మాస్క్‌గా గీసి ఇస్తే, పెంచిన భాగం దాని మీదికి పోదు.

```python
import cv2
m = cv2.imread("bottle.png", 0)
keep = cv2.imread("muggu.png", 0)
k = cv2.getStructuringElement(cv2.MORPH_ELLIPSE, (33, 33))
big = cv2.dilate(m, k)      # అన్ని వైపులా 16
big[keep > 127] = 0         # ముగ్గు దగ్గర ఆపు
big[m > 127] = 255          # బాటిల్ భాగం తగ్గకూడదు
cv2.imwrite("mask.png", big)
```

`33` అంటే మధ్య పిక్సెల్ పోను ఒక్కో వైపు 16. నీడ, ప్రతిబింబం ఉన్న భాగాలను ఆ తర్వాత బ్రష్‌తో చేత్తోనే కలపండి. అవి ఎక్కడ ఆగాయో మీ కన్నే బాగా చెబుతుంది.

కంఫీయూఐలో `GrowMask` నోడ్‌లోని `expand` ఇదే పని చేస్తుంది. అయితే `VAE Encode (for Inpainting)` వాడుతుంటే అందులో `grow_mask_by` అని ఇంకొకటి ఉంది, అది మామూలుగా 6. రెండూ కలుస్తాయని గుర్తుంచుకోండి. ముందే పెంచి ఉంటే దీన్ని 0 చేసినా ఫర్వాలేదు.

## 6. పని వరుస: తీసేయడం వేరు, పెట్టడం వేరు

బాటిల్ పొడుగు, చెంబు పొట్టి. బాటిల్ వెడల్పు తక్కువ, చెంబుకు ఎక్కువ. ఒకే మాస్క్‌తో ఒకేసారి చేస్తే ఆ మాస్క్ రెండిటికీ సరిపోయేంత పెద్దది కావాలి, అప్పుడు చెంబు ఆ చోటంతా నిండుతుంది. ఆకారాలు ఇంత వేరుగా ఉన్నప్పుడు రెండు విడతలుగా చేయండి. ఒక్కో విడతకు వేరే మాస్క్.

### మొదటి విడత: బాటిల్‌ని తీసేయడం

ఈ మాస్క్ పాత గుర్తులన్నిటినీ మింగాలి. మన కొలతల ప్రకారం:

- ఎడమ: 16
- పైన: 20
- కుడి వైపు గోడ ఎత్తులో: 20
- కుడి వైపు గచ్చు మీద: నీడ 220, దానిపై 40, మొత్తం 260
- కింద: ప్రతిబింబం 60, దానిపై 20, మొత్తం 80

ఆకారం చూస్తే బూటులా ఉంటుంది, ఉండనివ్వండి. దాన్ని దీర్ఘచతురస్రం చేసి గోడ మీది మంచి భాగాన్ని పారేయాల్సిన పని లేదు.

`Masked content` దగ్గర `fill` పెట్టండి. ఇది చుట్టూ ఉన్న రంగులను మాస్క్ లోపలికి మసకగా పులుముతుంది, కాబట్టి బాటిల్ జాడ ఉండదు. `original` పెడితే నీలం రంగు లోపలే ఉండి మళ్లీ తలెత్తుతుంది. మాస్క్ లోపలి దాన్ని ఎంతగా మార్చాలో చెప్పే `Denoising strength`ని 0.9 నుంచి 1 దాకా ఉంచండి. ఇన్‌పెయింటింగ్ కోసమే తయారు చేసిన మోడల్ ఉంటే అదే వాడండి. మామూలు మోడల్ ఇంత ఎక్కువ విలువ దగ్గర చుట్టుపక్కలతో పొంతన లేకుండా గీస్తుంది.

ప్రాంప్ట్‌లో ఉండాల్సింది మాత్రమే రాయండి:

```
empty red oxide floor, whitewashed wall, soft daylight
```

"బాటిల్ వద్దు" అని ప్రాంప్ట్‌లో రాస్తే ఆ మాటే బాటిల్‌ని పిలుస్తుంది. దాని చోటు నెగటివ్ ప్రాంప్ట్: `bottle, object, shadow`.

నాలుగైదు బొమ్మలు తీసి చూడండి. గోడ, గచ్చు కలిసే గీత తిన్నగా కలిసిందా, నీడ పూర్తిగా పోయిందా అన్న రెండే చూడండి. గచ్చు అందంగా ఉందా లేదా అన్నది ఇప్పుడు అక్కర్లేదు, చాలా భాగం చెంబు కింద పోతుంది.

### రెండో విడత: చెంబును పెట్టడం

ఇప్పుడు మాస్క్‌ని పాత బాటిల్‌ని బట్టి కాదు, రాబోయే చెంబును బట్టి గీయాలి. చెంబు 220 వెడల్పు, 240 ఎత్తు ఉండాలనుకుందాం. బాటిల్ మధ్యలోనే పెడితే ఎడమ వైపు 55 పిక్సెళ్లు బయటికి వచ్చి ముగ్గు మీద ఎక్కుతుంది. అందుకే కుడికి జరపాలి. చెంబు ఎడమ అంచు, పాత బాటిల్ ఎడమ అంచు కంటే 10 మాత్రమే బయటికి రావాలి.

నీడ ఎంత పొడవు కావాలో పాత ఫోటోనే చెబుతుంది. 380 ఎత్తు బాటిల్‌కి 220 నీడ పడింది. కాబట్టి 240 ఎత్తు చెంబుకు 240 × 220 ÷ 380, అంటే సుమారు 140.

- ఎడమ: చెంబు అంచు నుంచి 14 (బ్లర్‌తో కలిపి 24, ముగ్గుకు ఇంకా 16 మిగులుతుంది)
- పైన, కుడి: 25
- గచ్చు మీద కుడి వైపు: చెంబు అడుగు నుంచి 140, దానిపై 40, మొత్తం 180
- కింద: 70

మాస్క్ పై భాగాన్ని చెంబు ఆకారంలోనే గీయండి. బొజ్జ దగ్గర వెడల్పుగా, మెడ దగ్గర లోపలికి, అంచు దగ్గర మళ్లీ కాస్త బయటికి. ఈ ఒక్క పనితో "ఇత్తడి కూజా" సమస్య చాలావరకు తీరుతుంది. మరీ బిగుతుగా గీస్తే చెంబు మీ చేతి వణుకును కూడా అనుకరిస్తుంది. 25 పిక్సెళ్ల ఎడం దానికోసమే.

`Masked content` దగ్గర `latent noise`, `Denoising strength` 1. ఈ రెండూ కలిసే ఉండాలి. `latent noise` పెట్టి విలువ తగ్గిస్తే రంగురంగుల మచ్చలు మిగులుతాయి. ప్రాంప్ట్:

```
round brass water pot, old lota, on red oxide floor, light from left, soft shadow
```

మోడల్ చెంబు అసలు గీయకుండా ఖాళీ గచ్చే ఇస్తుంటే, ఏదైనా ఎడిటర్‌లో ఇత్తడి రంగుతో చెంబు ఆకారాన్ని ముతకగా పులిమి, పక్కన నీడ కోసం ముదురు ఎరుపు కొంచెం వేయండి. అప్పుడు `original` పెట్టి 0.6 నుంచి 0.7 దగ్గర నడపండి. ఈ దారిలో మాస్క్ కాస్త వదులుగా ఉన్నా వస్తువు పెరిగిపోదు, ఎందుకంటే పరిమాణం మీరు పులిమిన రంగే చెబుతోంది.

## 7. మాస్క్ సరిగ్గా ఉన్నా ఫలితం తేడాగా వస్తే: `Only masked padding`

`Inpaint area` దగ్గర `Only masked` పెడితే ప్రోగ్రామ్ మాస్క్ చుట్టూ ఒక పెట్టె గీసి, ఆ ముక్కను మాత్రమే కోసి, పెద్దది చేసి, పని అయ్యాక మళ్లీ అతికిస్తుంది. ఆ పెట్టె చుట్టూ ఎంత అదనంగా కోయాలో `Only masked padding, pixels` చెబుతుంది. మామూలుగా 32 ఉంటుంది.

చాలామంది దీన్నీ మాస్క్ పరిమాణాన్నీ ఒకటే అనుకుంటారు. మాస్క్ అంటే మారే చోటు. ప్యాడింగ్ అంటే మారకపోయినా మోడల్ చూసే చోటు. చెంబు మీద వెలుతురు తప్పు వైపు నుంచి పడుతుంటే మాస్క్‌ని పెంచకండి, ప్యాడింగ్‌ని పెంచండి. గోడ, గచ్చు, పక్కనున్న వేరే వస్తువుల నీడలు కనిపిస్తేనే వెలుతురు ఎటు నుంచో మోడల్‌కి తెలుస్తుంది.

దీనికీ ఖరీదు ఉంది. మన మొదటి మాస్క్ పెట్టె 386×480. 32 ప్యాడింగ్‌తో 450×544, 96 ప్యాడింగ్‌తో 578×672 అవుతుంది. ఔట్‌పుట్ సైజు చతురస్రం అయితే కోసే ముక్క కూడా చతురస్రం అవుతుంది, అంటే 672×672. దాన్ని 512×512లో గీయిస్తే ముక్క కుంచించుకుపోయి, తిరిగి అతికించేటప్పుడు సాగి, ఆ చోటు మసకగా కనిపిస్తుంది. 1024×1024లో గీయించే ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్ అయితే ఒకటిన్నర రెట్లు పెద్దదై, వివరం బాగా వస్తుంది. కోసిన ముక్క కంటే గీయించే సైజు తక్కువ కాకుండా చూసుకోండి.

బ్రష్ ఎక్కడో పొరపాటున ఒక చుక్క పెట్టినా పెట్టె అక్కడి దాకా సాగుతుంది. ఉన్నట్టుండి చెంబు చిన్నగా, మసకగా వస్తుంటే ముందు ఆ చుక్క కోసం వెతకండి.

## 8. వదులుగా గీయించి, బిగుతుగా అతికించండి

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. మోడల్‌కి ఇచ్చే మాస్క్, ఫోటోలో చివరికి ఉంచే మాస్క్ ఒకటే కానక్కర్లేదు.

వదులు మాస్క్‌తో మంచి చెంబు, మంచి నీడ వచ్చాయి, కానీ గచ్చు మీది పగులు పోయింది అనుకుందాం. గింప్‌లో అసలు ఫోటోను కింది లేయర్‌గా, ఫలితాన్ని పై లేయర్‌గా పెట్టండి. పై లేయర్‌కి నల్లటి లేయర్ మాస్క్ కలపండి. ఇప్పుడు తెల్ల బ్రష్‌తో చెంబును, దాని నీడను, ప్రతిబింబాన్ని, పాత బాటిల్, దాని నీడ, ప్రతిబింబం ఉన్న చోటును మాత్రమే బయటికి తీయండి. చెంబు అంచు దగ్గర గట్టి బ్రష్, నీడ చివర మెత్తటి బ్రష్. మిగతా గచ్చంతా అసలు ఫోటోదే.

కంఫీయూఐలో ఈ అడుగు ఇంకా అవసరం. అక్కడ బొమ్మ మొత్తం కుదించి, మళ్లీ విప్పుతారు కాబట్టి మాస్క్ బయట ఉన్న పిక్సెళ్లు కూడా కొద్దిగా మారతాయి. రెండు మూడు విడతలు నడిపితే ముగ్గు గీతలు మెత్తబడిపోతాయి. ప్రతి విడత చివర `ImageCompositeMasked` పెట్టి, మాస్క్ బయటి భాగాన్ని ఆ విడతకు ఇచ్చిన బొమ్మ నుంచే తెచ్చుకోండి.

## 9. ఏం కనిపిస్తే ఏం చేయాలి

చెంబు చుట్టూ నీలం గీత. ఆ వైపు మాస్క్ బిగుతైంది, లేదా బ్లర్ ఎక్కువైంది. ముందు మాస్క్‌ని 8 పెంచి చూడండి. ముగ్గు అడ్డొస్తే బ్లర్‌ని తగ్గించండి.

తీసేసిన బాటిల్ చోట ఇంకేదో వస్తువు మొలవడం. నీడో ప్రతిబింబమో కొంచెం బయట మిగిలింది. జూమ్ చేసి ఆ ముక్కను మాస్క్‌లో కలపండి. ప్రాంప్ట్ మార్చి లాభం లేదు.

చెంబు గాల్లో తేలుతున్నట్టు ఉండడం. అడుగున చోటు చాల్లేదు. వస్తువు నేలకు ఆనిన చోట ఉండే సన్నటి ముదురు నీడ పడలేదు. కింద 20 నుంచి 30 పిక్సెళ్లు పెంచి, ఆ అడుగు భాగానికి మాత్రమే చిన్న మాస్క్ వేసి `original`తో 0.5 దగ్గర మళ్లీ నడపండి.

చెంబు మరీ పెద్దది కావడం, పక్కన అడగని వస్తువు రావడం. మాస్క్ వదులైంది. పై నుంచి, పక్కల నుంచి తగ్గించండి. నీడ వైపు తగ్గించకండి.

మాస్క్ ఆకారంలో గచ్చు రంగు తేడా. దీన్ని పట్టుకోవాలంటే ఎడిటర్‌లో కాంట్రాస్ట్‌ని తాత్కాలికంగా బాగా పెంచండి, పట్టీ బయటపడుతుంది. ప్యాడింగ్ పెంచి మళ్లీ గీయించండి, లేదా ఎనిమిదో అడుగులో చెప్పినట్టు తగ్గించి అతికించండి.

కొత్త భాగం మరీ నున్నగా ఉండడం. ఫోన్ ఫోటోలో సన్నటి గరుకు ఉంటుంది, మోడల్ గీసిన దానిలో ఉండదు. మాస్క్ వదులైన కొద్దీ ఈ నున్నటి చోటు పెద్దదవుతుంది. అతికించిన లేయర్ మీద గింప్‌లో `Filters > Noise > HSV Noise` కొద్దిగా వేసి, 100 శాతం జూమ్‌లో పక్క గచ్చుతో పోల్చుకుంటూ సరిచేయండి. ఇది అన్నిటికన్నా చివర చేయాలి. మధ్యలో వేస్తే తర్వాతి విడతలో మోడల్ దాన్ని మళ్లీ తుడిచేస్తుంది.